ఫోను మందగించడానికి ర్యామ్‌ను తిట్టి లాభం లేదు

ఏటా మే నెల వచ్చేసరికి ఒకే ఫిర్యాదు వింటూ ఉంటాను. కొత్త ఫోను, పెట్టె మీద పెద్ద పెద్ద అంకెలు, అయినా పట్టుమని పది నిమిషాలు ఆడేసరికి పెనంలా కాలుతుంది, ఆట ఆగి ఆగి నడుస్తుంది. దుకాణంలో అడిగితే "ర్యామ్ చాలడం లేదండీ, పై మోడల్ తీసుకోండి" అంటారు. ఇంకొకరు ఫోనును చల్లబరిచే యాప్ వేసుకోమంటారు. ఈ రెండో సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ యాప్ కూడా అదే చిప్ మీద నడిచి, ఆ వేడికి తన వంతు కలిపేదే. ఫోనులో పుట్టిన వేడిని బయటికి పంపే దారి ఏ యాప్ చేతిలోనూ లేదు.

అసలు జరిగేది థర్మల్ థ్రాట్లింగ్. అంటే ఒళ్లు ఒక హద్దు దాటి వేడెక్కగానే ఫోను తన వేగాన్ని తానే తగ్గించుకోవడం. చిప్ బ్యాటరీ నుంచి తీసుకున్న కరెంటు దాదాపు మొత్తం చివరికి వేడిగానే తేలుతుంది. లోపలి సిలికాన్ తొంభై డిగ్రీల వేడినైనా ఓర్చుకోగలదు. ఓర్చుకోలేనిది మన చెయ్యి. నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీల గాజును గంటసేపు పట్టుకుంటే చర్మానికి మంచిది కాదు, పక్కనే ఉన్న బ్యాటరీకి అసలే మంచిది కాదు. అందుకే బోర్డు మీద అక్కడక్కడా ఉండే చిన్న ఉష్ణ సెన్సర్ల ద్వారా పై తొడుగు ఎంత వేడిగా ఉందో ఫోను అంచనా వేసుకుంటూ ఉంటుంది. చాలాసార్లు చిప్ ఇంకా తట్టుకోగలిగిన స్థితిలోనే, ఈ తొడుగు వేడి వల్ల వేగం తగ్గిపోతుంది.

మా అక్క కొడుకు విజయవాడలో ఉంటాడు. "మామయ్యా, రాత్రి ఏసీలో బాగానే ఆడుతుంది, మధ్యాహ్నం హాల్లో కూర్చుంటే చచ్చిపోతోంది. ఫోను పాడైందా?" అని అడిగాడు. వాడికి కాగితం మీద వేసి చూపించిన లెక్క ఇదీ. అంకెలన్నీ ఉజ్జాయింపే.

మామూలు ఫోనుకు ముందూ వెనకా కలిపి సుమారు 240 చదరపు సెంటీమీటర్ల ఒళ్లు ఉంటుంది. గాలి ఆడని గదిలో, ఒంటికీ గాలికీ మధ్య ఉన్న ప్రతి డిగ్రీ తేడాకు పావు వాటు వేడి బయటికి పోతుందనుకుందాం. తొడుగు హద్దు 43 డిగ్రీలు. ఏసీ గది 25 డిగ్రీలైతే తేడా 18, అంటే ఫోను నాలుగున్నర వాట్ల వేడిని వదిలించుకోగలదు. హాలు 38 డిగ్రీలైతే తేడా అయిదే, వదిలించుకోగలిగేది ఒకటింబావు వాటు. ఆటేమో రెండు చోట్లా అయిదు వాట్లు అడుగుతుంది.

ఇక హద్దుకు చేరే సమయం చూడండి. రెండు వందల గ్రాముల ఫోను ఒక డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 170 జౌళ్లు కావాలి. ఈ లెక్కన ఏసీ గదిలో ఫోను హద్దుకు చేరడానికి పాతిక నిమిషాలు పడుతుంది. హాల్లో మూడు నిమిషాలు చాలు, ఎందుకంటే అక్కడ ఫోను మొదలయ్యేదే 38 దగ్గర. నిజానికి వేడి ఒంటినిండా సమంగా పరుచుకోదు, కెమెరా పక్కన చిప్ ఉన్నచోట ముందే కాలుతుంది కాబట్టి రెండు సమయాలూ ఇంకా తగ్గుతాయి. ఫోను అదే, ఆట అదే. మారింది గదిలోని గాలి ఒక్కటే.

హద్దు తగిలాక ఫోను చేసే పని తెలివైనదే. చిప్ వేగాన్ని తగ్గిస్తూ, దాంతోపాటు వోల్టేజీని కూడా దించుతుంది. చిప్ తినే కరెంటు వేగాన్ని బట్టి మామూలుగానే పెరిగినా, వోల్టేజీని బట్టి దాని వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. అందుకే వేగం 20 శాతం, వోల్టేజీ 10 శాతం తగ్గిస్తే ఖర్చు మూడో వంతుకు పైగా పడిపోతుంది. కానీ ఆడేవాడికి కనిపించేది వేరు. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేమును దాదాపు 16.7 మిల్లీసెకన్లలో గీసెయ్యాలి. వేగం తగ్గిన చిప్‌కు 22 మిల్లీసెకన్లు పడితే ఫ్రేములు 45కు పడిపోతాయి. కాసేపటికి కొంచెం చల్లబడి వేగం పెంచుతుంది, మళ్లీ వేడెక్కి దించుతుంది. ఆ ఎగుడుదిగుడే ఆటను పాడు చేస్తుంది. ఎప్పుడూ 45 ఉంటే ఎవరూ పట్టించుకోరు.

నెట్ నెమ్మదించినా ఇలాగే ఉంటుందని చాలామంది తికమక పడతారు. తేడా సులువుగానే తెలుస్తుంది. నెట్ సమస్యైతే మీ చుట్టూ ఉన్న దృశ్యం నున్నగానే తిరుగుతుంది, ఎదుటివాళ్లే ఉన్నట్టుండి ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎగురుతారు. వేడి సమస్యైతే మొదట్లో బాగుండి, తర్వాత మీరు కెమెరా తిప్పినా దృశ్యం కుంటుతుంది, పొగ, పేలుళ్లు ఉన్నచోట మరీ ఎక్కువ. ఇంకా అనుమానం తీరకపోతే ఆండ్రాయిడ్ ఫోనులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, adb అనే ఉపకరణం ఉన్న కంప్యూటర్‌కు కలిపి ఇది కొట్టండి:

```
adb shell dumpsys thermalservice
```

అందులో `Thermal Status` పక్కన 0 ఉంటే వేడి అడ్డు లేనట్టు. 2, 3 కనిపిస్తే ఫోను తనను తాను పట్టి ఉంచుకుంటోంది. 6 అంటే ఇక ఆగిపోబోతోంది.

నా అసలు కోపం ప్రచారాల మీద. ఫోను వేగాన్ని పరీక్షించి యాప్‌లు ఇచ్చే బెంచ్‌మార్క్ స్కోరు అంటే చాలావరకు చల్లటి ఫోను మొదటి కొన్ని నిమిషాల్లో చూపించే బలం. లోపల వేడిని మోసే పల్చటి లోహపు పలక, వేపర్ చాంబర్, ఉందని గొప్పగా చెబుతారు. అది వేడిని చిప్ దగ్గర పోగవ్వనివ్వకుండా ఒంటినిండా పరుస్తుంది, అది మంచిదే. కానీ 38 డిగ్రీల గాలిలోకి వేడిని నెట్టే శక్తి దానికి లేదు. ఆపిల్ అయితే ఐఫోన్లను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని రాతపూర్వకంగానే చెబుతుంది. మన వేసవిలో ఆ 35 ఉదయం పదింటికే దాటుతుంది. 2022లో సామ్‌సంగ్ ఫోన్లు ఆటల వేగం తగ్గించి, బెంచ్‌మార్క్ యాప్‌లను మాత్రం వదిలేస్తున్నాయని బయటపడితే, అలాంటి బెంచ్‌మార్క్ యాపే అయిన గీక్‌బెంచ్ ఆ గెలాక్సీ ఎస్ మోడళ్లను తన పట్టికలోంచి తీసేసింది. వేగం తగ్గించినందుకు నేను తప్పు పట్టను. పరీక్షకో ముఖం, ఆటకో ముఖం చూపించడం మోసం. 38 డిగ్రీల గదిలో అరగంట ఆడాక ఎన్ని ఫ్రేములు వస్తాయో చెప్పే సమీక్ష ఒక్కటి కనిపిస్తే దానికి దండం పెడతాను.

అంతవరకు చేయగలిగింది కొంచెమే. సెట్టింగుల్లో 90 ఫ్రేములు వదిలేసి 60 గానీ 40 గానీ పెట్టుకోండి, ఫోను హద్దుకు చేరే ముందే ఖర్చు తగ్గుతుంది. ఛార్జింగ్ పెట్టి ఆడకండి, బ్యాటరీ వేడి కూడా తోడవుతుంది. బ్యాటరీని పక్కన పెట్టి కరెంటును నేరుగా ఫోనుకు అందించే బైపాస్ ఛార్జింగ్ ఉంటే అది వేరు. మందపాటి రబ్బరు కవరు తీసేయండి. ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టుకోండి. గాలి వేడిగా ఉన్నా సరే, కదిలే గాలి పావు వాటును అర వాటు చేసినా నా లెక్కలో మీ సామర్థ్యం రెట్టింపు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. కరెంటుతో పలకను చల్లబరిచి ఫోను వెనక తగిలించే పెల్టియర్ కూలర్లు బాగానే పనిచేస్తాయి గానీ, కోస్తా ఉక్కపోతలో వాటి పలక మీద తడి పడుతుంది. అది కెమెరా అంచుల్లోకి జారకుండా అప్పుడప్పుడు తుడుచుకోవాలి.