పాత పుస్తకంలో కాపురముంటున్న పెన్సిల్ రాతకి ఒక బహిరంగ లేఖ

ఓ పెన్సిల్ రాతా,

క్షేమమా అని అడగను. నీకేం, నిక్షేపంగా ఉంటావు. సిరా అయితే వెలుతురు తగిలి వెలిసిపోయేది, తడి తగిలితే కారిపోయేది. నువ్వు గ్రాఫైట్‌వి, అంటే ఉత్త కార్బన్‌వి, నిన్ను ఎండ ఏం చెయ్యదు. నీకు భయమంటూ ఉంటే అది రబ్బరుకే. ఆ రబ్బరు సంగతికి తర్వాత వస్తాను, ఎందుకంటే నీ గుట్టంతా అక్కడే ఉంది.

ముందు నా గోడు విను. కథ చదువుకుందామని సెకండ్ హ్యాండ్‌లో ఒక ఇంగ్లిష్ నవల కొనుక్కున్నాను. కొన్న రోజే అలవాటుగా చివరి ఖాళీ పేజీ తిప్పాను, అక్కడ నువ్వు. ఒకే ఒక్క వాక్యం, మూడు మాటలు, చివర చుక్క. ముక్క అర్థం కాలేదు కానీ నడిమి మాటలో బొద్దుగా ఒక హృదయం గుర్తు ఉంది. ఇంకేం కావాలి? ఎవరో ఎవరికో రాసిన ప్రేమ లేఖ నా ఒళ్లో పడిందనుకున్నాను. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఆ నవల నలభయ్యో పేజీ దాటలేదు, దానికి పూర్తి బాధ్యత నీదే.

పైగా నువ్వు ఒంటరిగా కూడా లేవు. ఎదురుగా వెనక అట్ట లోపలి కాగితం మీద, బాగా పలచగా, బూడిద రంగులో ఇంకో వాక్యం. లిపి కొంచెం వేరేగా అనిపించింది గానీ అందులోనూ హృదయం ఉంది. జవాబు! అని ఎగిరి గంతేశాను. రెండింటికీ ఫొటోలు తీసి స్నేహితులకు పంపితే, రెండోది కుడి నుంచి ఎడమకు రాసే భాష అని ఒకడు తేల్చేశాడు. ఇద్దరు మనుషులు, రెండు భాషలు, రెండు మతాలు, ఒప్పుకోని పెద్దలు అంటూ వాడు మధ్యాహ్నానికల్లా సినిమా తీసేశాడు. నేను ఏడ్చాను కూడా. ఆ విషయం ఇక్కడ రాయకూడదనుకున్నాను, రాసేశాను.

సాయంత్రం తీరిగ్గా కూర్చుని అక్షరాలు లెక్కపెట్టాను. నీ మాటల్లో వరసగా అయిదు, నాలుగు, తొమ్మిది. జవాబులో తొమ్మిది, నాలుగు, అయిదు. పుస్తకం మూసి తెరిచి చూశాను, రెండు రాతలూ ఒకే ఎత్తులో ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడతాయి. వేలి చివరతో మెల్లగా తడిమితే నీ దగ్గర కాగితం గాడి పడి ఉంది, అక్కడేమో నున్నగా ఉంది. అంటే అది జవాబూ కాదు, పాడూ కాదు. ఎన్నో ఏళ్లు ఒత్తుకుని మూసి ఉన్న పుస్తకంలో నీ గ్రాఫైట్ ఎదుటి కాగితానికి అంటుకుని పడిన అచ్చు, అద్దంలో బొమ్మ. హృదయాన్ని అద్దంలో చూసినా హృదయంలాగే ఉంటుంది కాబట్టి నాకు అనుమానం రాలేదు. నీ నీడ కోసం నేను కన్నీళ్లు పెట్టుకున్నాను, ఆ లెక్క నీ ఖాతాలో రాసుకున్నాను.

సరే, ఇక భాష ఏమిటో తెలియాలి. ఫోన్‌లో ఫొటో తీసి అనువాదం చేసే యాప్‌కి చూపిస్తే ఇక్కడ రాతే లేదంది. అచ్చు అక్షరాలైతే చదివేదేమో, పలచటి పెన్సిల్ గీతల్ని అది కాగితం మీద మరకల్లో కలిపేసింది. దాంతో మనుషుల మీద పడ్డాను. అన్నీ గుండ్రటి అక్షరాలు కదా, బర్మీస్ అన్నారు, సింహళం అన్నారు, మలయాళం అని ఒకరు ఒట్టు వేశారు. అప్పుడు చిన్నప్పటి పలక గుర్తొచ్చింది. ఈ లిపులన్నీ మన తెలుగుకి చుట్టాలే. వాటిలో అచ్చు హల్లుని పట్టుకుని వేలాడుతుంది, పైనో కిందో పక్కనో ఏదో ఒకటి తగిలించి ఉంటుంది. నీకు తలకట్టు లేదు, గుడి లేదు, కొమ్ము లేదు, ఒత్తు లేదు. అందరూ వరసగా ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడ్డారు. అంటే అచ్చులు కూడా విడి అక్షరాలే అన్నమాట. పోనీ ఇంగ్లిష్‌లా వాక్యం మొదట్లో పెద్ద అక్షరం ఉందా అంటే అదీ లేదు. ఆర్మేనియన్ అయితే పెద్దక్షరం ఉంటుంది, పైగా వాళ్లు వాక్యం చివర పెట్టే గుర్తు మనకు రెండు చుక్కల్లా కనిపిస్తుంది. నీ చివర ఉన్నది మామూలు ఒంటి చుక్క.

అలా వడపోసుకుంటూ పోతే మిగిలింది జార్జియన్. ముప్ఫై మూడు అక్షరాలు, పెద్ద చిన్న తేడా లేదు, గుణింతం లేదు. పట్టిక ముందు పెట్టుకుని చూస్తుంటే ఇరవై చిల్లర అక్షరాల తర్వాత ఒకటి కనిపించింది, నేను పుస్తకం పక్కన పెట్టేసి కాసేపు అలాగే కూర్చున్నాను.

నీ హృదయం హృదయం కాదు. అదొక అక్షరం. మన 'ఘ'ని గొంతులో ఇంకాస్త లోపలికి గీరి పలికితే వచ్చే శబ్దం దానిది. చూడ్డానికి మాత్రం అచ్చం హృదయంలాగే ఉంటుంది. ఆ భాష తెలియని వాళ్లు కూడా అంతా చక్కగా ఉందని నెట్‌లో పేర్ల పక్కన తగిలించుకుంటారట. ఇన్నాళ్లూ నేను ఒక హల్లు మీద మనసు పారేసుకున్నాను.

తర్వాతి పని విసుగు పుట్టించేది, త్వరగా చెప్పేస్తాను. ఒక్కో అక్షరం పోల్చుకుని టైప్ చెయ్యాలి. అందులో మూడంకెలా ఉండేవే కొన్ని ఉన్నాయి, పైగా చేతిరాతకీ అచ్చుకీ పోలిక అంతంతమాత్రం. ఒక్క అక్షరం తప్పినా నిఘంటువు చేతులెత్తేస్తుంది. మొదటి మాట 'త్సిగ్ని', పుస్తకం. బాగానే ఉంది, పుస్తకంలా చదువుకున్న నీ కళ్లు అనో ఏదో ఉంటుందనుకున్నాను. రెండోది, ఆ హృదయం ఉన్నది, 'ద్ఘెస్'. అంటే ఈరోజు. మూడోది నిఘంటువులో ఎక్కడా లేదు, ఎందుకంటే అది క్రియ, జార్జియన్ క్రియలు నిఘంటువులో ఉన్న వేషంలో వాక్యంలోకి రావు. చివరికి స్నేహితురాలి ద్వారా, ఆ భాష మాతృభాషగా ఉన్న ఒకావిడని పట్టుకున్నాను. ఆవిడ ఫొటో చూసి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"పుస్తకం ఈరోజు నాకు తిరిగిచ్చెయ్ అని ఉందండీ. ప్రేమ ఎక్కడుంది ఇందులో?"

చూశావా? నేను నెల రోజులు గుండెలకు హత్తుకుని తిరిగింది అప్పు పుస్తకం వసూలు నోటీసుని. ఇవ్వకపోగా ఆ పుస్తకాన్ని అమ్ముకున్న మనిషి ఎక్కడో హాయిగా ఉన్నారు, నోటీసు అందుకున్నది నేను.

అయితే ఆవిడే ఇంకో మాట కూడా చెప్పింది. 'దమిబ్రునె' అన్న ఆ మూడో మాట మధ్యలో 'మి' ఉంది కదా, అదే 'నాకు' అట, విడిగా రాయరు, క్రియ కడుపులో పెట్టేస్తారు. ఇంకోటి, మర్యాదగా చెప్పాలంటే చివర 'త్' చేరాలి. మన 'ఇవ్వండి'లో 'అండి' లాగా. నీ చివర 'త్' లేదు. అంటే ఎవరో ఎవరినో నువ్వు అంటున్నారు. బాగా తెలిసిన మనుషులే. ఆడో మగో మాత్రం ఆ భాష చెప్పదు, వాళ్లకి వ్యాకరణంలో లింగభేదమే లేదు, అతనికీ ఆమెకీ ఒకటే మాట.

ఆ 'నువ్వు' నన్ను నిద్రపోనివ్వలేదు. రాత్రి కరెంటు పోయినప్పుడు, నిజం చెప్పాలంటే నేనే లైటు ఆర్పేసినప్పుడు, ఫోన్ టార్చ్‌ని పేజీ పక్కన దాదాపు కాగితానికి ఆనేంత కిందకి పెట్టి చూశాను. వెలుతురు పైనుంచి పడితే కాగితం చదునుగా కనిపిస్తుంది. పక్కనుంచి పడితే ప్రతి గాడికీ నీడ వస్తుంది. (సినిమాల్లో డిటెక్టివ్‌లా పెన్సిల్‌తో రుద్దాలనిపిస్తే చెయ్యి కట్టేసుకోవాలి, రుద్దితే ఉన్నదీ పోతుంది.) నీకు పైన ఒక వేలెడు చోట కాగితం కాస్త గరుకుగా, నూగు లేచినట్టు ఉంది. రబ్బరు తిరిగిన చోటు. అక్కడ నీడలు లేచాయి.

ఒకే మాట. టార్చ్‌ని చుట్టూ తిప్పితే ఒక్కో వైపు నుంచి ఒక్కో గీత దొరికింది. మొత్తం తొమ్మిది అక్షరాలు, రెండు మాత్రం ఎంత చూసినా తేలలేదు, అక్కడ రబ్బరు గట్టిగా తిరిగింది. కానీ అయిదూ ఆరో అక్షరాల జంటే ఎనిమిదీ తొమ్మిదో చోట మళ్లీ వచ్చింది, మొదట్లో 'మి' ఉంది. మళ్లీ ఆ 'నాకు'. నేను గీసి పంపిన బొమ్మకి ఆవిడ దగ్గర నుంచి చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఒక్క మాట వచ్చింది. 'మిక్వర్ఖర్'.

అర్థం నేను అడగక్కర్లేకుండానే వివరించింది. ఇంగ్లిష్‌లో అయితే ప్రేమించేది 'నేను', వాక్యంలో పెత్తనం నాది. జార్జియన్‌లో అలా కాదట, చివర ఉన్న 'ఖర్' అంటే 'ఉన్నావు'. నువ్వే కర్తవి, నేను మొదట్లో 'మి' అని ఒదిగి కూర్చున్న 'నాకు'ని. ఇంగ్లిష్ వాళ్లకి ఇది అర్థమయ్యేలా చెప్పడం కష్టమని ఆవిడ వాపోయింది. నాకేం కష్టం? 'నాకు నువ్వంటే ఇష్టం' అని పుట్టినప్పటి నుంచీ అంటున్నవాళ్లం.

అంటే జరిగింది ఇది. ఎవరో ముందు ఆ మాట రాశారు. చూసుకున్నారు. రబ్బరు తెచ్చి చెరిపేశారు, అదీ కాగితం నూగు లేచేదాకా. చెరిపిన చోటు కింద, చెయ్యి ఇంకా గట్టిగా నొక్కి, పుస్తకం ఈరోజు నాకు తిరిగిచ్చెయ్ అని రాసి చుక్క పెట్టారు. నువ్వేమో ఆ రెండో మాటని భద్రంగా అట్టకి కూడా అచ్చు వేసి మరీ కాపాడావు. ఏది దాచాలో ఏది చూపించాలో కాస్తయినా బుద్ధి ఉండక్కర్లేదా నీకు?

పైగా 'ఈరోజు' అట. ఏ రోజు? తేదీ లేదు. సిరాలా వెలిసిపోవు కాబట్టి నిన్ను చూసి పదేళ్లా యాభై ఏళ్లా చెప్పలేను. నా దగ్గర మాత్రం పేజీ తెరిచిన ప్రతి రోజూ ఈరోజే అంటావు, పుస్తకం ఇచ్చెయ్ అంటావు, ఎవరికివ్వాలో మాత్రం చెప్పవు.

ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. అడ్రసు కూడా ఎక్కడైనా రాసి చెరిపావేమోనని రోజూ రాత్రి ఒక పది పేజీలు టార్చ్ పెట్టి చూస్తున్నాను. నూట పన్నెండో పేజీలో ఉన్నాను. నవల సంగతి అడక్కు.

ఇట్లు,
పుస్తకం ఇంకా తిరిగివ్వని మనిషి