ధర పెరిగిన ఏడాది మిగిలిన నూనె డబ్బాల విలువ ఎంత?

2024 సెప్టెంబరు 14 నుంచి కేంద్రం ముడి వంటనూనెలపై మూల దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. టోకు వర్తకుల గోడౌన్లలో పాత ధరకు కొన్న సరుకూ కొత్త ధరకు కొన్న సరుకూ పక్కపక్కనే చేరాయి. మార్చి 31న మిగిలిన నిల్వకు ఏ ధర కట్టాలన్న ప్రశ్న ఆ ఏడాది లాభాన్ని ఎంతగా మార్చగలదో ఒక ఊహాజనిత భాగస్వామ్య సంస్థ లెక్కతో చూద్దాం.

ఏప్రిల్ 1న ఆ సంస్థ దగ్గర 1,600 రూపాయల చొప్పున 15 కిలోల డబ్బాలు పది వేలు ఉన్నాయి. జులైలో 1,700 చొప్పున పది వేలు, సుంకం పెరిగాక అక్టోబరులో 2,100 చొప్పున మరో పది వేలు కొన్నారు. పాత నిల్వతో కలిపి మొత్తం ఖరీదు 5.40 కోట్లు. ఏడాదిలో ఇరవై వేల డబ్బాలు అమ్మితే 3.80 కోట్లు వచ్చాయి, పది వేలు మిగిలాయి.

ముందు వచ్చినది ముందు పోయిందని భావించే ఫిఫో పద్ధతిలో, మిగిలినవన్నీ అక్టోబరు డబ్బాలే. నిల్వ విలువ 2.10 కోట్లు, అమ్మిన సరుకు ఖరీదు 3.30 కోట్లు, స్థూల లాభం 50 లక్షలు. ఏడాది మొత్తానికి వెయిటెడ్ యావరేజ్, అంటే మొత్తం ఖరీదును మొత్తం డబ్బాలతో భాగించిన సగటు, తీస్తే డబ్బా 1,800 పడుతుంది. అప్పుడు నిల్వ 1.80 కోట్లు, లాభం 20 లక్షలు. సంస్థకు 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు కనుక, మిగతా ఖర్చులు ఏవైనా చివరికి లాభమే మిగిలినంతవరకు, 30 లక్షల తేడా మీద పన్ను తేడా 9.36 లక్షలు.

గోడౌనులో కొత్త లోడును తలుపు దగ్గరే దించుతారు కాబట్టి చాలాచోట్ల ముందు బయటికి వెళ్లేవి కొత్త డబ్బాలే. అయినా ఫిఫో వాడవచ్చు, ఎందుకంటే అది ఖరీదుల వరుసకు సంబంధించిన భావనే తప్ప డబ్బాల కదలికకు రుజువు కాదు. ఒకదానికొకటి తేడా లేని ఇలాంటి సరుకుకు సగటే నిజానికి దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. ఫిఫో చూపే అదనపు 30 లక్షలు గల్లాపెట్టెలో లేవు, గోడౌనులోని డబ్బాల్లో ఉన్నాయి. అమ్మిన డబ్బా స్థానంలో కొత్తది పెట్టాలంటే 2,100 కావాలి, పన్ను మాత్రం నగదుగా కట్టాలి. చాలామంది అందుకోసం ఓవర్‌డ్రాఫ్టు వాడుకుంటారు.

అయితే సగటు పద్ధతితో పన్ను ఆదా అయిందనుకోవడం పొరపాటు. ఈ ఏటి ముగింపు నిల్వే వచ్చే ఏటి ప్రారంభ నిల్వ కనుక, తేడా వాయిదా పడుతుందే గానీ మాసిపోదు. 2025 మే 30న కేంద్రం ముడి నూనెలపై మూల సుంకాన్ని 10 శాతానికి తగ్గించింది. మన సంస్థ ఆ తర్వాత 1,900 చొప్పున పది వేల డబ్బాలు కొని, పది వేలు అమ్మిందనుకుందాం. రెండో ఏడాది చివర ఫిఫో నిల్వ 1.90 కోట్లు, సగటు నిల్వ 1.85 కోట్లు. 30 లక్షల అంతరం 5 లక్షలకు తగ్గింది, అంటే ఆ ఏడాది ఫిఫో లాభమే 25 లక్షలు తక్కువ. సగటు వల్ల దక్కే మేలు, ఆ 9.36 లక్షలు కొంతకాలం చేతిలో ఉండడం. పది శాతం వడ్డీ లెక్కన ఏడాదికి అది సుమారు 94 వేలు.

సగటు అన్న మాటలోనూ రెండు లెక్కలున్నాయి. ప్రతి కొనుగోలుకూ సగటును తిరిగి కట్టే పద్ధతిలో, జులై కొనుగోలు తర్వాత, అక్టోబరు లోడుకు ముందు పన్నెండు వేల డబ్బాలు అమ్ముడైతే, 1,650 సగటున ఎనిమిది వేలు మిగులుతాయి. వాటికి కొత్త పది వేలు కలిస్తే సగటు 1,900 అవుతుంది, లాభం 30 లక్షలకు చేరుతుంది. అందుకే పుస్తకాల్లో 'సగటు' అని మాత్రమే రాసి ఊరుకుంటే చాలదు. ట్యాలీలో, చివర వచ్చినది ముందు పోయిందని భావించే లిఫో కూడా కనిపిస్తుంది గానీ, నిల్వల విలువకు సంబంధించిన అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 2 గానీ ఆదాయపు పన్ను లెక్కలకు వర్తించే ఐసీడీఎస్ 2 గానీ దాన్ని ఒప్పుకోవు.

ఎంచుకున్న పద్ధతిని సహేతుక కారణం లేకుండా మార్చకూడదని ఐసీడీఎస్ 2 చెబుతుంది. పన్ను ఆడిట్ వర్తించే సంస్థ అయితే ఆ పద్ధతిని ఆడిట్ నివేదికలో చూపాలి. అసలు చిక్కు వచ్చేది బ్యాంకు దగ్గర. అప్పు పరిమితి పెరుగుతుందని స్టాకు స్టేట్‌మెంటులో 2.10 కోట్లు చూపి, రిటర్నుకు 1.80 కోట్లు వాడితే, ఆ 30 లక్షలు పుస్తకాల్లో చూపని సరుకు కాదని పరిశీలనలో నిరూపించుకోవలసిన భారం వర్తకుడిపైనే పడుతుంది. డబ్బాల సంఖ్య రెండు చోట్లా ఒకటే అయి, ధరల తేడాను వివరించే పట్టిక అప్పటిదే చేతిలో ఉంటే అతని మాట నిలబడుతుంది. నోటీసు వచ్చాక తయారుచేసిన పట్టికను నమ్మించడం కష్టం.