రశీదు అడగకు పెద్దమ్మా!

మా మండలంలో నిరుద్యోగం లేదు. నేను చెబుతున్న మాట కాదిది, రికార్డులు చెబుతున్న మాట. ఉపాధి హామీలో పని అడిగిన ప్రతి మనిషికీ పదిహేను రోజుల్లోపే పని దొరికింది. నిరుద్యోగ భృతి అనే గడిలో గుండ్రంగా, ముచ్చటగా సున్నా ఉంది. మరి ఎండాకాలమంతా రచ్చబండ దగ్గర కూర్చుని బీడీలు కాల్చిన వాళ్లెవరయ్యా అంటారా? వాళ్లు నిరుద్యోగులు కారు, పని అడగని వాళ్లు. అడిగామని వాళ్లంటారు. అడిగినట్టు కాగితం లేదు కదా!

ఈ ఘనకార్యం ఎలా సాధ్యమైందో తెలియాలంటే మా చిన్నత్త కథ వినాలి.

2025 ఏప్రిల్ 21, సోమవారం. చిన్నత్త పని కావాలని దరఖాస్తు రాయించుకుని, ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్‌కి ఇచ్చింది. దాన్ని ఫారం 6 అంటారు. పేరు, జాబ్ కార్డు నంబరు, ఏ రోజు నుంచి ఎన్ని రోజులు పని కావాలో అందులో ఉంటుంది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. "రశీదు ఇస్తావా నాయనా" అని చిన్నత్త అడిగింది. ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "రశీదు అడగకు పెద్దమ్మా! మనలో మనకి కాగితాలేంటి, నామీద నమ్మకం లేదా?"

నమ్మకం ఉందని నిరూపించుకోవడానికి చిన్నత్త ఇంటికొచ్చేసింది. మర్నాడు ఆ చొక్కా చాకిరేవుకి పోయింది. మహాత్మా గాంధీ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టంలో మా చిన్నత్తకు సంబంధించిన భాగం అలా సబ్బు నురగలో కలిసిపోయింది.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. పాపం, 2005లో దాన్ని రాసినవాళ్లకి లోకజ్ఞానం తక్కువ. దరఖాస్తు అందిన పదిహేను రోజుల్లోగా పని ఇవ్వాలన్నారు. ముందుగానే దరఖాస్తు పెట్టి ఫలానా రోజు నుంచి కావాలని రాస్తే, ఆ రోజు నుంచి లెక్క. ఇవ్వలేకపోతే పదహారో రోజు నుంచి నిరుద్యోగ భృతి కట్టాలన్నారు. మొదటి ముప్పై రోజులు కూలి రేటులో కనీసం పావు వంతు, ఆ తర్వాత కనీసం సగం. దరఖాస్తు తీసుకున్నవాళ్లు తేదీ వేసిన రశీదు ఇచ్చి తీరాలని కూడా రాశారు. మిగతాదంతా ఆ తేదీ మీదే నడుస్తుంది. తేదీ లేకపోతే పదిహేను ఎక్కడ మొదలైంది, పదహారు ఎప్పుడొచ్చింది?

చిన్నత్తకి చివరికి పని దొరికింది జూన్ 9న, గుట్ట కింద కందకాలు తవ్వే పని. ఆమె చేతిలో ఏప్రిల్ 21 తేదీతో రశీదు ఉందనుకుని ఒక్కసారి లెక్క వేద్దాం. మే 6తో గడువు ముగిసింది. మే 7 నుంచి జూన్ 8 వరకు ముప్పై మూడు రోజులు, ఆమె దరఖాస్తులో కోరిన రోజులకు లోబడినవే. ఆ ఏడాది ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ కూలి రేటు 307 రూపాయలు. పావు వంతు అంటే 76 రూపాయల 75 పైసలు. ముప్పై రోజులకు 2,302 రూపాయల 50 పైసలు. మిగిలిన మూడు రోజులకు సగం చొప్పున, అంటే 153 రూపాయల 50 పైసల లెక్కన 460 రూపాయల 50 పైసలు. మొత్తం 2,763 రూపాయలు. ఇంట్లో కూర్చున్నందుకు వచ్చే సొమ్ము కాదిది. పని చూపించనందుకు ప్రభుత్వం కట్టాల్సిన సొమ్ము. ఆ ఇంటి వంద రోజులు పూర్తి కానంత వరకే ఇది వర్తిస్తుంది.

ఈ 2,763 ఎవరి జేబులోంచి పోవాలన్నదే అసలు కిటుకు. 2005 చట్టం లెక్కలో పని ఇస్తే కూలి డబ్బు కేంద్రం ఇస్తుంది. పని ఇవ్వకపోతే భృతి మాత్రం రాష్ట్ర ప్రభుత్వం తన ఖజానా నుంచి కట్టాలి. ఇలా పెడితే రాష్ట్రాలు భయపడి ఠంచనుగా పని చూపిస్తాయని చట్టం రాసినవాళ్లు అనుకున్నారు. రాష్ట్రాలు భయపడ్డాయి, అందులో అనుమానం లేదు. అయితే పని చూపించడం కన్నా రశీదు దాచడం సులువని కనిపెట్టాయి.

రశీదు దాస్తే సరిపోదు, కంప్యూటరు కూడా ఒప్పుకోవాలి. దానికీ ఏర్పాటుంది. పని మంజూరయ్యాకే దరఖాస్తును కంప్యూటరులో ఎక్కిస్తారు. చిన్నత్త ఏప్రిల్‌లో అడిగింది. కంప్యూటరు లెక్కలో ఆమెకి జూన్ మొదటి వారంలో హఠాత్తుగా పని మీద మనసు పుట్టింది, మరుసటి సోమవారమే పని దొరికింది. ఇంత వేగంగా స్పందించే యంత్రాంగం ఇంకెక్కడుంది చెప్పండి! ఎవరికైనా అనుమానం ఉంటే ఆన్‌లైన్‌లో తమ జాబ్ కార్డు పేజీ తెరిపించి, పని కోరిన తేదీ ఏమని ఉందో చూసుకోవచ్చు. మీరు అడిగిన తేదీకీ అక్కడున్న తేదీకీ నెల తేడా ఉంటే, ఆ నెల భృతి గాల్లో కలిసిందని అర్థం. కాకపోతే ఇలాంటివి చూడటం మొదలుపెడితే టెన్షన్ తప్ప ఇంకేం మిగలదని అధికారుల అభిప్రాయం.

వాళ్ల ప్రశాంతత కోరి కొన్ని విషయాలు జాబ్ కార్డు ఉన్నవాళ్లకి తెలియకుండా ఉంటేనే మంచిది. ఫీల్డ్ అసిస్టెంట్ రశీదు ఇవ్వకపోతే దరఖాస్తును పంచాయతీలో ఇవ్వచ్చని, పథకానికి మండల స్థాయిలో బాధ్యుడైన ప్రోగ్రాం ఆఫీసర్‌కి నేరుగా ఇవ్వచ్చని, వాళ్లూ తేదీ వేసిన రశీదు ఇవ్వాల్సిందేనని చెప్పకండి. వార్డు మెంబరు, అంగన్‌వాడీ కార్యకర్త, బడి పంతులు, పొదుపు సంఘం కూడా దరఖాస్తు తీసుకోవచ్చని అసలే చెప్పకండి. పదిమంది కలిసి ఒకే దరఖాస్తు పెట్టచ్చని గానీ, ఎవరూ తీసుకోకపోతే మండల ఆఫీసుకి స్పీడ్ పోస్టులో పంపితే ఆ పోస్టాఫీసు ముద్రే తేదీకి సాక్ష్యంగా పనికొస్తుందని గానీ పొరపాటున కూడా నోరు జారకండి. ఫిర్యాదు చేస్తే ప్రోగ్రాం ఆఫీసర్ దాన్ని రిజిస్టరులో రాసుకుని ఏడు రోజుల్లో తేల్చాలనే నిబంధన ఉంది, దాన్ని అలాగే నిద్రపోనివ్వండి.

ఒక్క జాగ్రత్త మాత్రం నిజంగానే చెప్పాలి. రశీదు తీసుకున్నవాళ్లకి కొన్నిచోట్ల పద్నాలుగో రోజున ఉన్నట్టుండి పని దొరుకుతుంది, నాలుగు ఊళ్ల అవతల. విసుగొచ్చి వెళ్లడం మానేస్తే చిక్కే. పిలుపు అందాక పదిహేను రోజుల్లో పనికి హాజరు కాని మనిషికి మూడు నెలల పాటు భృతి అడిగే హక్కు పోతుంది. ఊరికి అయిదు కిలోమీటర్లు దాటి పని చూపిస్తే కూలి మీద పది శాతం అదనంగా ఇవ్వాలి కాబట్టి, ముందు వెళ్లి హాజరు వేయించుకుని ఆ తర్వాత పోట్లాడటం మేలు.

ఇక కూలి సంగతి. చిన్నత్త జూన్ 9 నుంచి 14 దాకా ఆరు రోజులు గడ్డపార పట్టింది. కొలత సరిగ్గా వచ్చి 1,842 రూపాయలు అయింది. కొలత తగ్గితే రేటూ తగ్గుతుంది, అది వేరే పురాణం. కూలి వారం వారం ఇవ్వాలి, ఎంత ఆలస్యమైనా పదిహేను రోజులు దాటకూడదు. హాజరు పట్టీని, అంటే మస్టరును, 14న మూసేశారు కాబట్టి జూన్ 29కల్లా డబ్బు పడాలి. పడలేదు. ఆగస్టు 9న పడింది.

ఆలస్యానికి పరిహారం ఉంది. మస్టరు మూసిన పదహారో రోజు దాటాక, రోజుకు బకాయి కూలిలో 0.05 శాతం. 1,842 మీద అది 92.1 పైసలు. జూలై 1 నుంచి ఆగస్టు 9 వరకు నలభై రోజులకు 36 రూపాయల 84 పైసలు. ఆ సొమ్ము అడగడానికి మండలానికి ఒకసారి పోయి రావడానికే ఆటో చార్జీ అంతకన్నా ఎక్కువవుతుంది. అడగకుండా ఉండేందుకు ఇంత శాస్త్రీయంగా లెక్కగట్టిన పరిహారాన్ని నేనింకెక్కడా చూడలేదు.

ఆ 36 రూపాయలు కూడా నిండుగా రావు. కూలి చెల్లింపులో రెండు మెట్లున్నాయి. మస్టరు, కొలతలు ఎక్కించి డబ్బు బదిలీ ఆర్డరు మీద సంతకం పెట్టేది ఇక్కడ. ఆ తర్వాత డబ్బు వేసేది ఢిల్లీ నుంచి. ఆలస్యాన్ని మొదటి మెట్టు వరకే లెక్కించే అలవాటు ఉంది. అంటే ఇక్కడ సంతకం పడిపోయాక ఢిల్లీలో డబ్బు నెలరోజులు నిద్రపోయినా, కంప్యూటరుకి అది ఆలస్యంగా కనిపించదు. ప్రభుత్వంలో ఏ మెట్టు దగ్గర ఆలస్యమైతే కూలీకేంటి, పదిహేను రోజుల్లో కూలి అందాల్సిందేనని సుప్రీంకోర్టు 2018 మేలో చెప్పింది. చెప్పింది కదా, అంతే.

డబ్బు ఎందుకు పడలేదని అడిగితే "వేసేశామమ్మా, నీ బ్యాంకు దగ్గరే ఆగింది" అనడం ఆనవాయితీ. ఒక్కోసారి అది నిజమే. ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకులో ఒక పేరు ఉంటే డబ్బు వెళ్లినదారినే వెనక్కి వస్తుంది. అందుకని వేశారా అని కాదు, ఆర్డరు ఏ తేదీన వెళ్లింది, తిరిగొచ్చిందా అని అడగాలి. మళ్లీ తేదీయే, గమనించారా?

2006 ఫిబ్రవరి 2న ఈ పథకాన్ని మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. దాదాపు ఇరవై ఏళ్లకి, 2025 డిసెంబరులో, పార్లమెంటు కొత్త చట్టం చేసి వంద రోజుల్ని నూట ఇరవై అయిదు చేసింది. పదిహేను రోజుల్లో పని, లేకపోతే భృతి అనే మాట అందులోనూ ఉంది. ఇదివరకు వంద రోజుల పని కోసం రశీదు దొరికేది కాదు, ఇక నూట ఇరవై అయిదు రోజుల పనికి దొరకదు. ప్రగతి అంటే అదే మరి.

ఈ మధ్య చిన్నత్తకి బుద్ధి పాడైంది. మనవరాలి చేత రెండు ప్రతులు రాయించింది, పక్కింటి ఆవిడతో కలిసి వెళ్లింది, పెన్ను కూడా తనే పట్టుకెళ్లింది. ఫీల్డ్ అసిస్టెంట్ రెండో ప్రతి చూసి నవ్వాడు. "ఏంటి పెద్దమ్మా, ఎవరు నేర్పారు నీకివన్నీ?" అంటూనే అందినట్టు రాసి సంతకం చేశాడు. చక్కటి సంతకం, కింద గీత కూడా గీశాడు. తేదీ చోట ఖాళీ వదిలేశాడు.

"తేదీ నాయనా?"

"అది రేపు వేస్తాలే పెద్దమ్మా."

పెన్ను ఆయన చేతిలో ఉంది. క్యాప్ చిన్నత్త చేతిలో ఉంది. "సరే, రేపటిదాకా ఇక్కడే కూర్చుంటాం" అని ఇద్దరూ గుమ్మంలో చతికిలబడ్డారు.