అల్యూమినా ధర పెరిగితే కోరాపుట్‌కు దక్కిందెంత?

బాక్సైట్‌ను శుద్ధి చేస్తే వచ్చేది అల్యూమినా, దాన్ని కరిగిస్తే అల్యూమినియం లోహం. 2024 ఆరంభంలో అంతర్జాతీయ విపణిలో టన్ను అల్యూమినా ధర సుమారు 350 డాలర్లు. ఆ ఏడాది డిసెంబరు నాటికి అది 800 డాలర్ల దాకా ఎగబాకింది. కారణాలన్నీ మన కొండలకు చాలా దూరంలోనివి. ఆస్ట్రేలియాలో క్వినానా శుద్ధి కర్మాగారం ఆగిపోయింది, మరో రెండింటికి గ్యాస్ కొరత వచ్చింది, గినీలో ఒక పెద్ద సంస్థ బాక్సైట్ ఎగుమతులు నిలిచిపోయాయి. ఇక్కడ నాల్కో పంచపట్‌మాలి బాక్సైట్ గనిలో తవ్వే తీరు మారలేదు, దమన్‌జోడి శుద్ధి కర్మాగారం దాకా ఖనిజాన్ని మోసే పద్నాలుగున్నర కిలోమీటర్ల కన్వేయర్ బెల్టూ మారలేదు. అయినా నాల్కో నికర లాభం 2023-24లో 2,060 కోట్ల రూపాయలుంటే 2024-25లో 5,325 కోట్లకు చేరింది. ఇలా కలిసొచ్చిన లాభంపై విండ్‌ఫాల్ పన్ను వేయాలన్న మాట కోరాపుట్, రాయగడ, సునాబేడ తెలుగువారి మధ్య వినబడటంలో వింతేమీ లేదు. కొండ ఇక్కడిది, దుమ్మూ ఇక్కడిదే. సరుకు మాత్రం రైలెక్కి విశాఖ రేవుకు పోతుంది.

అయితే కొత్త పన్ను మాట ఎత్తేముందు పాత రాయల్టీ ఎలా లెక్కకడతారో చూడాలి. అసలు చిక్కు అక్కడే ఉందని మా అభిప్రాయం.

అల్యూమినా తయారీకి పోయే బాక్సైట్‌పై రాయల్టీని అల్యూమినా ధరను బట్టి కట్టరు. ఖనిజంలో ఉన్న అల్యూమినియం లోహానికి లండన్ మెటల్ ఎక్స్ఛేంజి ధర కట్టి, అందులో 0.60 శాతం తీసుకుంటారు. స్థూలమైన అంకెలతో ఒక ఉదాహరణ చూద్దాం. టన్ను బాక్సైట్‌లో 42 శాతం అల్యూమినా ఉందనుకుంటే, అందులోని లోహం సుమారు 22 శాతం. లోహం ధర 2,200 డాలర్లయితే టన్ను ఖనిజంపై రాయల్టీ 2.90 డాలర్లు. ఒక టన్ను అల్యూమినాకు దాదాపు మూడు టన్నుల బాక్సైట్ పడుతుంది కాబట్టి 8.70 డాలర్లు. 2024 చివర్లో లోహం ధర 2,600 డాలర్ల ప్రాంతానికి వచ్చింది. అదే లెక్కన రాయల్టీ 10.30 డాలర్లు. పాత లీజు గనులు రాయల్టీలో 30 శాతం జిల్లా ఖనిజ నిధికి అదనంగా కట్టాలి. దాన్నీ కలిపినా పెరుగుదల రెండు డాలర్లకు కాస్త పైన. అమ్మిన అల్యూమినాపై పెరిగిన రాబడి టన్నుకు 450 డాలర్లు. రూపాయల్లో చెబితే దాదాపు 38 వేలు పెరిగినచోట రాష్ట్రానికీ జిల్లాకూ కలిపి అదనంగా వచ్చింది 175 రూపాయలు.

కంపెనీ పన్నేమీ కట్టలేదని దీనర్థం కాదు. లాభంలో పావు వంతు కార్పొరేట్ పన్నుగా పోతుంది, పైగా నాల్కోలో 51 శాతానికి పైగా వాటా కేంద్రానిదే కనుక డివిడెండు కూడా ఢిల్లీ చేరుతుంది. ఇందులో కోరాపుట్‌కంటూ రాసిపెట్టిన భాగం లేదు. రేపు ఢిల్లీ విండ్‌ఫాల్ పన్ను వేసినా అంతే. 2022 జులై 1న దేశీయ ముడిచమురుపై టన్నుకు 23,250 రూపాయల చొప్పున వేసింది ప్రత్యేక అదనపు ఎక్సైజు సుంకం. రాష్ట్రాలతో పంచుకోవలసిన పన్నుల జాబితాలోకి అది రాదు. కాబట్టి న్యాయం అనే మాటకు మా పాఠకుల దృష్టిలో రెండు అర్థాలున్నాయి: కంపెనీ నుంచి ఎంత తీసుకున్నారన్నది ఒకటి, తీసుకున్నది ఎవరి ఖాతాలో పడిందన్నది రెండోది. చర్చంతా మొదటిదానిపైనే నడుస్తోంది.

ఇక పెట్టుబడి దెబ్బతింటుందన్న వాదన. పరిశ్రమ వర్గాలు ఏ పన్ను వచ్చినా ఇదే పాట పాడతాయని కొట్టిపారేయడం తేలిక. కానీ ఇందులో పస ఉంది. ఇదే నాల్కో 2019-20లో సంపాదించిన నికర లాభం 138 కోట్లు మాత్రమే. శుద్ధి కర్మాగారం కట్టడానికి ఏళ్లు పడుతుంది, నడిచేది దశాబ్దాలు. మంచి ఏళ్ల మిగులుతోనే గడ్డు ఏళ్లు గట్టెక్కాలి. ధర పెరిగినప్పుడు ఖజానా చేయి చాచి, పడిపోయినప్పుడు మొహం చాటేస్తే కొత్త ప్రాజెక్టు లెక్క తేలదు. పైగా ధర పెరిగిన ప్రతిసారీ లాభం పెరగదు. కాస్టిక్ సోడా, బొగ్గు ధరలు కూడా అదే సమయంలో మండితే మిగిలేది తక్కువే. అమ్మకం ధర చూసి వేసే పన్నుకు ఈ ఖర్చు కనబడదు.

అయినా పెట్టుబడిదారు ఎక్కువగా భయపడేది రేటుకు కాదు, అది మారే తీరుకు. ముడిచమురు సుంకాన్ని మనవాళ్లు పదిహేను రోజులకోసారి మారుస్తూ, కొన్నిసార్లు సున్నాకు దించుతూ, చివరకు 2024 డిసెంబరు 2న ఎత్తేశారు. బ్రిటన్ 2022లో చమురు, గ్యాస్ కంపెనీలపై 25 శాతంతో మొదలుపెట్టిన లెవీని 35కు, ఆపై 38కి పెంచింది. 2025తో ముగుస్తుందన్న గడువును విడతలవారీగా 2030 మార్చి దాకా జరిపింది. తాత్కాలికమని చెప్పినదాన్ని ఇన్నిసార్లు సాగదీస్తే తర్వాతి మాటను ఎవరు నమ్ముతారు?

అందుకే ధర పెరిగాక వేసే పన్ను కంటే, ముందే రాసిపెట్టిన జారుడు రాయల్టీ మేలని మేం భావిస్తున్నాం. చిలీ 2023లో చేసిన చట్టంతో పెద్ద రాగి గనులపై లాభపు మార్జిన్‌ను బట్టి 8 నుంచి 26 శాతం దాకా పెరిగే రాయల్టీ తెచ్చింది, మొత్తం పన్ను భారానికి పరిమితీ పెట్టింది. మన బాక్సైట్‌కు ఇంకా సులువైన పద్ధతి చాలు. ఉదాహరణకు అల్యూమినా ధర 450 డాలర్లు దాటితే, దాటిన మొత్తంలో పది శాతం అదనపు రాయల్టీ. 350 దగ్గర ఏమీ ఉండదు. 800 దగ్గర టన్నుకు 35 డాలర్లు. ఏడాది సగటు ధర 550 ఉండి పది లక్షల టన్నులు అమ్మితే రాష్ట్రానికి కోటి డాలర్లు, దానిపై 30 శాతం లెక్కన జిల్లా నిధికి మరో 30 లక్షల డాలర్లు, అంటే సుమారు పాతిక కోట్ల రూపాయలు. కంపెనీకి మిగిలేది అప్పటికీ ఎక్కువే.

ఇందులో జాగ్రత్త పడాల్సినవి ఉన్నాయి. బిల్లులో చూపిన ధరను పట్టుకుంటే సోదర సంస్థకు చౌకగా అమ్మినట్టు రాసుకునే వీలుంటుంది, కాబట్టి ఆ నెల అంతర్జాతీయ సూచీ సగటునే ఆధారం చేయాలి. తన అల్యూమినాను తన స్మెల్టర్లలోనే కరిగించుకునే సంస్థకు మాత్రం ఇది వర్తించకూడదు. దానికి చివరకు దక్కేది లోహం ధరే, అది ఇంతగా ఎగరలేదు. రాయగడ జిల్లా టికిరిలో హిందాల్కోకు చెందిన ఉత్కల్ అల్యూమినా కర్మాగారం విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం. 450 అన్న గీతను కూడా బొగ్గు, కాస్టిక్ ధరల సూచీతో ఏటా సవరించాలి.

ఒడిశా తనంతట తాను ఖనిజ హక్కులపై పన్ను వేసే దారి కూడా ఉంది. ఆ అధికారం రాష్ట్రాలదేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2024 జులై 25న 8-1 మెజారిటీతో తేల్చింది. తర్వాతి ఉత్తర్వుతో 2005 ఏప్రిల్ 1 నుంచి పాత బకాయిల వసూలుకూ తలుపు తెరుచుకుంది. ఆ తలుపు జోలికి భువనేశ్వర్ వెళ్లకపోవడం మంచిది. ఇరవై ఏళ్ల కిందట అమ్మేసిన సరుకుపై ఇవాళ బిల్లు పంపితే కొత్త గని లీజుకు ముందుకొచ్చేవాడు ఆ భయాన్ని కూడా ధరలో కలుపుకొని తక్కువకు పాడతాడు.

రాయల్టీ రేటును మూడేళ్లలో ఒకటి కంటే ఎక్కువసార్లు పెంచరాదని 1957 నాటి గనుల చట్టం తొమ్మిదో సెక్షన్ చెబుతోంది. ధరతోపాటు దానంతటదే కదిలే సూత్రాన్ని ఒకసారి రాస్తే ఆ పరిమితి అడ్డు రాదు. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు. రెండో షెడ్యూలులో బాక్సైట్ ఎదురుగా ఉన్న పద్దును మారుస్తూ కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇస్తే సరిపోతుంది. ఆ మార్పు కోరుతూ లేఖ రాయాల్సింది ఒడిశా గనుల శాఖ.