క్యాష్‌బ్యాక్ ఫార్వర్డు వీరులకు

"కొత్తగా ఉద్యోగంలో చేరారా? డెబిట్ కార్డు పక్కన పడేయండి! 1. క్రెడిట్ కార్డుతో ప్రతి ఖర్చుకీ క్యాష్‌బ్యాక్, అంటే ఊరికే వచ్చే డబ్బు. 2. 50 రోజుల దాకా వడ్డీ లేని అప్పు, అన్ని రోజులూ మీ డబ్బు మీ ఖాతాలోనే ఉండి వడ్డీ తెస్తుంది. 3. చేతిలో లేకపోతే మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో చూపే కనీస మొత్తం కడితే చాలు, ఏమీ కాదు. 4. మోసం జరిగినా మీ డబ్బు భద్రం. 5. క్రెడిట్ స్కోరు పెరుగుతుంది. 6. కార్డు తీస్తే నలుగురిలో విలువ. పదిమందికీ పంపండి!"

ఈ వారంలో ఇది నాకు రావడం నాలుగోసారి. పంపినవాళ్ళలో ఒకడు పోయిన నెలే నా దగ్గర చేబదులు తీసుకుని కార్డు బిల్లు కట్టాడు. సరే, వాడి సంగతి అలా ఉంచుదాం. కొన్ని నెలల కిందట మా తమ్ముడు కూడా ఇదే పంపి, "అన్నా, తీసుకోనా?" అని అడిగాడు. అప్పటికి వాడికి మొదటి జీతం వచ్చి మూడు నెలలు, ప్రతి నెలా ఇరవయ్యో తారీఖుకల్లా జేబు ఖాళీ. అప్పుడు వాడికి చెప్పిందే ఇప్పుడు మీ అందరికీ ఈ జవాబు.

ఆరోదానికి జవాబు అక్కర్లేదు. ఆ నలుగురూ బిల్లు కట్టే రోజున కనిపించరు.

రెండోది సగం నిజం. బిల్లు తయారైన మర్నాడు కొంటేనే ఆ 50 రోజులు. తయారయ్యే ముందు రోజు కొంటే ఇరవై రోజులే. అన్ని రోజులూ ఆ డబ్బు మన ఖాతాలోనే ఉండి వడ్డీ తెస్తుందట. ఎవరి ఖాతాలో? ఇరవయ్యో తారీఖుకు ఖాళీ అయ్యే ఖాతాలోనా? డబ్బు దాచుకోవడం వచ్చినవాడికి చెప్పాల్సిన మాట అది.

ఇక మూడోది. మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. "ఏమీ కాదు" అని రాసినవాడు జన్మలో ఒక్కసారైనా బిల్లు రెండో పేజీ తిప్పాడా అని నా అనుమానం.

ఒక లెక్క చూద్దాం. నెలంతా రోజూ కాస్త కాస్తగా కార్డు మీద పెట్టిన ఖర్చు 10,000. క్యాష్‌బ్యాక్ 1 శాతం, అంటే 100. బిల్లు వచ్చిన ఇరవై రోజులకు గడువు. ఆ రోజున మనవాడి దగ్గర 9,000 ఉన్నాయి, కట్టేశాడు. మినిమమ్ డ్యూ సాధారణంగా బిల్లులో ఐదు శాతం చుట్టూ ఉంటుంది, దానికి ఎన్నో రెట్లు కట్టాడన్నమాట. మిగిలింది 1,000. వడ్డీ నెలకు 3 శాతం అనుకుందాం, చాలా కార్డుల వడ్డీ ఇంచుమించు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. కాబట్టి వడ్డీ 30 పడుతుందని మనవాడి అంచనా.

పడదు. బాకీ పూర్తిగా తీర్చకపోతే వడ్డీ లేని గడువు మొత్తానికే రద్దవుతుంది. అప్పుడు చాలా బ్యాంకులు మిగిలిన 1,000 మీద కాకుండా, మొత్తం 10,000 మీద, కొన్న రోజు నుంచి లెక్క మొదలుపెడతాయి. కొన్న రోజు నుంచి బిల్లు దాకా సగటున పదిహేను రోజులు, బిల్లు నుంచి గడువు దాకా ఇరవై, వెరసి 35 రోజులు. రోజుకు 0.1 శాతం చొప్పున వడ్డీ 350. ఆ తర్వాత మిగిలిన 1,000 మీద, తర్వాతి బిల్లు దాకా పది రోజులకు ఇంకో 10. అసలు దెబ్బ ఇంకా ఉంది. ఈలోగా పెట్టిన కొత్త ఖర్చుకు కూడా వడ్డీ లేని గడువు లేదు, కార్డు గీకిన రోజు నుంచే వడ్డీ. అది ఇంకో 10,000 అయితే, సగటున పదిహేను రోజులకు 150. మొత్తం 510. వెయ్యి తక్కువ కట్టినందుకు ఐదు నెలల క్యాష్‌బ్యాక్ ఒక్క దెబ్బకు పోయింది. మరి మినిమమే కట్టి ఊరుకున్నవాడి సంగతి మీరే ఊహించుకోండి.

ఇదంతా ఎలా తెలుసంటే, నాకూ పడింది కాబట్టి. కొన్నేళ్ళ కిందట బిల్లులో చివరి మూడంకెలు వదిలేసి గుండు సున్నాలతో కట్టాను, మిగతాది తర్వాత చూద్దాంలే అని. తర్వాతి బిల్లులో "ఫైనాన్స్ చార్జెస్" అని ఒక వరుస, దాని కింద పన్ను ఇంకో వరుస. అది మొత్తం కట్టేశాక, ఆ తర్వాతి బిల్లులో మళ్ళీ చిన్న వడ్డీ! బిల్లు తయారైన రోజుకూ నేను కట్టిన రోజుకూ మధ్య పేరుకున్నదట. మూడంకెలు మిగుల్చుకుందామని పోతే రెండు నెలలు వెంటాడింది.

బ్యాంకు యాప్‌లో బిల్లు కట్టే చోట రెండు గడులుంటాయి, టోటల్ డ్యూ ఒకటి, మినిమమ్ డ్యూ ఒకటి. నా దాంట్లో మినిమమ్ డ్యూ గడిలో ముందే టిక్ పెట్టి ఉండేది. ఎవరి మేలుకోసమో అర్థం కావడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు.

మొదటిదానికి వద్దాం. 2001లో ప్రెలెక్, సిమెస్టర్ అనే ఎం.ఐ.టి. ప్రొఫెసర్లు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. దొరకని బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లను విద్యార్థుల మధ్య వేలం పెట్టి, కొందరిని నగదుతో, కొందరిని క్రెడిట్ కార్డుతో కట్టాలన్నారు. కార్డువాళ్ళ పాట నగదువాళ్ళ పాటకు దాదాపు రెట్టింపు. అందరూ అన్నిటికీ రెట్టింపు పెడతారని దీని అర్థం కాదు. అక్కడ పోల్చింది నగదుతో, డెబిట్ కార్డుతో కాదు. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ 1 శాతం వెనక్కి వచ్చే చోట, 10,000 ఖర్చులో 100 విలువ చేసే అక్కర్లేని వస్తువు ఒక్కటి కొన్నా లాభం సున్నా. చేతికి ఎముక లేనివాడు అక్కడితో ఆగుతాడా? పైగా "5 శాతం" అని పెద్దక్షరాల్లో ఉన్నవాటికి తరచూ నెలవారీ పరిమితి ఉంటుంది, అది మాత్రం చిన్నక్షరాల్లో ఉంటుంది.

నాలుగోది మాత్రం నిజం. ఈ మెసేజీలో ఒక మంచి మాట ఉంటుందని నేనూ అనుకోలేదు. డెబిట్ కార్డు వివరాలు దొంగ చేతిలో పడితే పోయేది మన ఖాతాలోని డబ్బు. బ్యాంకు విచారణ ముగిసి అది తిరిగి వచ్చేదాకా అద్దెకూ వాయిదాలకూ మనమే వెతుక్కోవాలి. క్రెడిట్ కార్డు అయితే ఆ ఖర్చు నాది కాదని బిల్లు కట్టకముందే అభ్యంతరం పెట్టొచ్చు. ఐదోదీ కొంత నిజమే. కాకపోతే స్కోరు పెంచేది సమయానికి కట్టడం, లిమిట్‌లో కొంచెమే వాడటం. ఎంత ఎక్కువ గీకితే అంత పెరుగుతుందనుకుంటే కిందికి దిగుతుంది.

అందుకని తమ్ముడికి చెప్పింది ఇది. జీతం పడే ఖాతాకు ఉన్న డెబిట్ కార్డు ఇంట్లో పెట్టు. వేరే చిన్న ఖాతా తెరిచి దాని డెబిట్ కార్డు జేబులో పెట్టుకో. ప్రతి సోమవారం ఆ వారం ఖర్చు మాత్రమే అందులోకి పంపు, ఖాతాలో లేని డబ్బు కూడా వాడనిచ్చే ఓవర్‌డ్రాఫ్ట్ ఉంటే ఆపించెయ్. దొంగకు దొరికినా ఆ వారం డబ్బే దొరుకుతుంది. గురువారానికే అయిపోయిందంటే, నెలాఖరు దాకా ఆగకుండా గురువారమే తెలుస్తుంది. స్కోరు కావాలంటే అతి తక్కువ లిమిట్‌తో ఒక క్రెడిట్ కార్డు తీసుకుని ఫోను బిల్లు ఒక్కటే దానికి తగిలించు. ఆటో పేలో "టోటల్ డ్యూ" ఎంచుకో, "మినిమమ్" జోలికి పోకు. కార్డు మాత్రం అమ్మ బీరువాలో ఉంటుంది.

వాడు ఒప్పుకుని అలాగే తీసుకున్నాడు. రెండు నెలలు సక్రమంగా కట్టాడు. నిన్న వాడికి బ్యాంకు నుంచి మెసేజీ వచ్చింది: మీ లిమిట్ నాలుగు రెట్లు పెంచుతాం, ఒక్క క్లిక్ చాలు. స్క్రీన్‌షాట్ తీసి నాకే పంపాడు, కింద ఏడుపు బొమ్మ పెట్టి.