సవరణ: బడి గ్రంథాలయ విరాళాల వినియోగం

"మీరిచ్చే ప్రతి రూపాయీ పుస్తకంగా మారి పిల్లల చేతికి చేరుతుంది." (గత విజ్ఞప్తి నుంచి)

ప్రతి 1000 రూపాయలలో 700 పుస్తకాలకు, 300 వాటి రక్షణకు ఖర్చవుతాయని దాతలు గమనించగలరు. కొత్తపట్నం తీరపు ఉప్పుగాలికి గోడ చెమ్మ తోడై, చెక్క అరలలోని పుస్తకాలకు వానాకాలంలో బూజు, ఆపై చెదలు పడతాయి కనుక, గోడకు జానెడు దూరంలో, ఇటుకలపై నిలిపే రంగు వేసిన ఇనుప బీరువా తప్పనిసరి. బీరువా పేరు చెబితే ఎవరి మనసూ కరగదని మాకూ తెలుసు. కానీ ఆశగా తెరిచిన కథల పుస్తకంలో పేజీలు అతుక్కుపోయి ఉంటే, ఆ పాప రెండో పుస్తకం అడగదు. పుస్తకాలకే ఇవ్వదలచినవారు ఆ మాట రాసి పంపితే ఆ సొమ్మును విడిగా లెక్కిస్తాము. ఇప్పటికే ఇచ్చినవారు కోరితే తిరిగి చెల్లిస్తాము.