కార్డు ఒకటే, జవాబులు ఎన్నైనా

జోస్యం చెప్పడానికి వాడే టారో కార్డులను ఆడిపోసుకునేవారిలో నేను లేను. పాపం, అవి అట్టముక్కలు. ఎవరు ఏమడిగినా నోరెత్తి కాదనలేవు. నా తగాదా అంతా ప్రేమ గురించి అవునో కాదో తేల్చమనే ప్రశ్నను, నచ్చిన జవాబు వచ్చేదాకా చెక్కుకుంటూ పోయే పెద్దలతోనే.

78 కార్డుల్లోంచి ‘ఎయిట్ ఆఫ్ కప్స్’ వచ్చిందనుకుందాం. 1909లో వెలువడి నేటికీ విరివిగా వాడుతున్న రైడర్–వెయిట్ కార్డుల్లో దాని బొమ్మ ఇది: ఎర్ర దుస్తులు వేసుకున్న మనిషి చేతికర్ర పట్టుకుని, ఎనిమిది పాత్రలను వెనక వదిలేసి కొండలవైపు వెళ్లిపోతుంటాడు. పైన చంద్రుడు. ఏ కార్డు వస్తే ఏ జవాబో చెప్పే అవును–కాదు పట్టికల్లో దీనికి సాధారణంగా ‘కాదు’ అని ఉంటుంది.

“అతను తిరిగి వస్తాడా?” అని అమ్మాయి అడుగుతుంది. వీపు కనిపిస్తోంది కదా, రాడు. అమ్మాయి ముఖం వాడిపోతుంది. కార్డులు చెప్పే ఆవిడ అనుభవజ్ఞురాలు. “ప్రశ్న సరిగ్గా పడలేదమ్మా, మార్చి అడుగు” అంటుంది. “ఇప్పుడున్న ఆమెను వదిలేస్తాడా?” అదే కార్డు, అదే వీపు. కాకపోతే ఆ ఎనిమిది పాత్రలూ ఇప్పుడు ఆ రెండో ఆమెవి! వదిలేసి బయలుదేరాడట. అవును! కొండలు చూస్తుండగానే అమ్మాయి ఇంటి దారిలోకి వచ్చేశాయి. “పోనీ, నేనే అతన్ని మరచిపోవాలా?” ఎర్ర దుస్తుల్లో నడుస్తున్నది ఇప్పుడు అమ్మాయే. దీనికీ అవునే. చంద్రుడు ఒక్కడే ఇంకా ఎవరి పక్షమూ చేరలేదు. నాలుగో ప్రశ్నకు ఆయన వంతూ వస్తుంది.

బొమ్మలో ఉన్నది వెళ్లిపోవడం ఒక్కటే. ఎవరు వెళ్తున్నారో, ఎవరిని వదిలి వెళ్తున్నారో ప్రశ్నే అందిస్తుంది. మొదటి ప్రశ్నకు పట్టిక, బొమ్మ ఒకే మాట చెప్పాయి. మిగతా రెంటికీ పట్టిక ‘కాదు’ అంటే బొమ్మ ‘అవును’ అంటోంది. ఆవిడ నిశ్శబ్దంగా పట్టిక మూసేసి బొమ్మ పట్టుకుంది. పైగా “వస్తాడా” అన్నదానికి గడువు లేదు కాబట్టి, ‘అవును’ అని చెబితే అది ఏనాటికీ తప్పని తేలదు.

అందుకని సవినయంగా ఒక మనవి. కార్డు తిప్పకముందే ప్రశ్నను కాగితం మీద రాయండి. ఏ తేదీలోగా అన్నదీ, పట్టికను పాటిస్తారా బొమ్మనా అన్నదీ దాని కిందే రాయండి. తరువాత అదే ప్రశ్నను తిరగేసి, “రాకుండా ఉండిపోతాడా?” అని అదే కార్డును పట్టిక ప్రకారం అడగండి. మళ్లీ ‘కాదు’ వస్తుంది, అంటే వస్తాడన్నమాట! ఈ పరీక్ష పెడితే దివ్యశక్తులు నొచ్చుకుంటాయట.

నొచ్చుకోనివ్వండి. ఆ అబ్బాయి వద్దని తన నోటితోనే చెప్పాడు. ఫోను ఎత్తడం మానేశాడు. అంతకంటే తేటగా ఏ కార్డు చెబుతుంది? అతను చెప్పిన మాటను పక్కనబెట్టి, ఏడుస్తున్న పిల్లచేత ప్రశ్న మార్పించి, ప్రశ్నకింత అని వసూలు చేసి ‘అవును’ అమ్ముతున్నారే, సిగ్గుండాలి. ఆ పిల్ల కళ్లు తుడుచుకునేలోపే ఆవిడ మళ్లీ కార్డులు కలుపుతోంది.